తనఖాలో ఉన్న ఇల్లు అద్దెకివ్వాలంటే

గృహరుణంతో కొన్న ఫ్లాటుకు యజమాని కొన్నవారే. సేల్ డీడ్ వారి పేరుమీదే ఉంటుంది, ఆస్తి పన్ను, కరెంటు బిల్లు వారి పేరుమీదే వస్తాయి. కానీ అప్పు తీరేదాకా అసలు దస్తావేజులు బ్యాంకు దగ్గర ఉంటాయి. ఆ ఇంటిమీద బ్యాంకుకు తనఖా హక్కు ఉంటుంది. తనఖా పెట్టిన యజమాని అందులో నివసించవచ్చు, బాగుచేసుకోవచ్చు. దాన్ని మరొకరికి అద్దెకు ఇవ్వవచ్చా అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం రెండు చోట్ల వెతకాలి. ఒకటి ఆస్తి బదిలీ చట్టం, రెండోది రుణం తీసుకున్ననాడు యజమాని సంతకం పెట్టిన కాగితాల కట్ట. చట్టం కొంత స్వేచ్ఛ ఇస్తుంది. ఆ స్వేచ్ఛను కాగితాలు చాలాసార్లు వెనక్కి తీసుకుంటాయి.

ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. తనఖా పెట్టినవారికి లీజు ఇచ్చే అధికారం గురించి అందులో మొదట ప్రత్యేకంగా ఏమీ లేదు. 1929లో చేసిన సవరణతో 65ఏ అనే సెక్షన్ వచ్చింది. ఆస్తి చట్టబద్ధంగా తన స్వాధీనంలో ఉన్నంతకాలం యజమాని దాన్ని లీజుకు ఇవ్వవచ్చు, ఆ లీజుకు తనఖా పట్టినవారు, అంటే బ్యాంకు, కట్టుబడి ఉండాలి అని ఆ సెక్షన్ మొదటి మాట. కట్టుబడి ఉండాలన్నదే ఇందులో అసలు విషయం. యజమాని అప్పు ఎగవేసి బ్యాంకు ఇంటిని జప్తు చేసుకున్నా, సెక్షన్ ప్రకారం ఇచ్చిన లీజు గడువు తీరేదాకా అద్దెకున్నవారిని కదిలించకూడదు. బ్యాంకుకు ఇది చిన్న విషయం కాదు. మనుషులున్న ఇల్లు వేలంలో ఖాళీ ఇంటి ధర పలకదు. అందుకే ఈ అధికారానికి చట్టమే కొన్ని షరతులు కట్టింది.

లీజు ఆ ఆస్తిని మామూలుగా నిర్వహించే తీరులో ఉండాలి. న్యాయంగా దొరకగలిగినంత మంచి అద్దెకు ఇవ్వాలి. అద్దె కాకుండా ముందు పెద్ద మొత్తం పుచ్చుకోకూడదు, అద్దెను ముందస్తుగా చెల్లించాలని రాసుకోకూడదు. గడువు తీరాక మళ్లీ పొడిగించి తీరాలనే హామీ ఉండకూడదు. లీజు రాసుకున్న ఆరు నెలల్లోగా అమల్లోకి రావాలి. భవనమైతే గడువు మూడేళ్లు దాటకూడదు. అద్దె చెల్లిస్తామన్న మాట, నిర్ణీత గడువులో చెల్లించకపోతే యజమాని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చన్న నిబంధన పత్రంలో తప్పక ఉండాలి.

ఇన్ని షరతులూ పాటించిన యజమానికి కూడా సెక్షన్ చివర ఒక మాట అడ్డం వస్తుంది. తనఖా పత్రంలో ఇందుకు విరుద్ధంగా రాసుకోనంతవరకే ఈ అధికారం వర్తిస్తుంది. బ్యాంకుల న్యాయవాదులు ఈ వాక్యాన్ని బాగా వాడుకున్నారు. బ్యాంకు ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆస్తిని అమ్మను, అద్దెకివ్వను, లీజుకివ్వను, స్వాధీనం మరెవరికీ అప్పగించను అనే అర్థం వచ్చే వాక్యం గృహరుణ పత్రాల్లో సర్వసాధారణం. అది ఉన్నచోట 65ఏ ఇచ్చిన స్వేచ్ఛ దాదాపు లేనట్టే. అప్పుడు లీజుకు బ్యాంకు కట్టుబడాలంటే బ్యాంకు రాసిచ్చిన అనుమతి ఉండాల్సిందే.

ఆ వాక్యం ఎక్కడ ఉంటుంది

రుణం తీసుకున్ననాడు పెట్టిన సంతకాలు ఎన్నో ఎవరికీ గుర్తుండవు. వాటిలో ఈ విషయానికి పనికొచ్చేవి మూడు. మొదటిది శాంక్షన్ లెటర్, అంటే రుణం మంజూరు చేస్తూ బ్యాంకు ఇచ్చిన ఉత్తరం. దాని వెనక పేజీల్లో షరతులు ఉంటాయి. రెండోది రుణ ఒప్పందం. రుణగ్రహీత ఏం చేస్తానని, ఏం చేయనని మాట ఇస్తున్నాడో చెప్పే అధ్యాయం అందులో ఉంటుంది, అద్దె నిబంధన ఎక్కువగా దొరికేది అక్కడే. మూడోది దస్తావేజులు బ్యాంకుకు అప్పగించినట్టు రాసిన మెమొరాండం. తెలుగు రాష్ట్రాల్లో దీన్ని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టర్ చేయిస్తారు, బ్యాంకు మనుషులు ఎంఓడీ అనో ఎంఓడీటీ అనో అంటారు. ఈ మెమొరాండం రెండు మూడు పేజీలకు మించకపోవచ్చు. అందులో అద్దె మాటే లేదని యజమాని నిశ్చింతగా ఉంటే, ఆ నిషేధం రుణ ఒప్పందంలో నలభయ్యో పేజీలో ఉండవచ్చు. కాబట్టి మూడూ చదవాలి. ఒప్పందం నకలు దగ్గర లేకపోతే బ్రాంచిలో అడిగి తీసుకోవాలి.

చదివేటప్పుడు ‘లీజు’ అన్న పదం ఒక్కదాన్నే వెతకడం చాలదు. ‘లైసెన్సు’, ‘స్వాధీనం విడవడం’, ‘ఇతరులను ఉండనివ్వడం’ వంటి మాటలూ ఉంటాయి. అద్దె ఒప్పందానికి ‘లీవ్ అండ్ లైసెన్స్’ అని పేరు పెడితే బ్యాంకు నిబంధన తగలదని కొందరు సలహా ఇస్తుంటారు. నిషేధం స్వాధీనం అప్పగించడానికీ వర్తిస్తుంటే ఆ తెలివి పనిచేయదు. ఆస్తిని ఎందుకు వాడాలో చెప్పే నిబంధన కూడా చూడాలి. సొంత నివాసానికే అన్న షరతు మీద రుణం ఇచ్చి ఉంటే, నివాసానికి అద్దెకివ్వడానికే అనుమతి కావాలి. ఉద్యోగులకు తమ సంస్థ తక్కువ వడ్డీకి ఇచ్చే గృహరుణాల్లో ఇలాంటి షరతు ఉందేమో ప్రత్యేకంగా చూసుకోవాలి.

నివాసం కాక వేరే పనికి ఇవ్వడం మరో సంగతి. మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల ఫ్లాట్లను హాస్టళ్లకో చిన్న ఆఫీసులకో ఇస్తే కుటుంబానికి ఇచ్చినదానికంటే ఎక్కువ వస్తుంది. కానీ బ్యాంకు నివాస గృహానికి అప్పిచ్చింది. దాన్ని వ్యాపారానికి మార్చడం అద్దె నిబంధనతో పాటు వాడుక నిబంధననూ మీరడం అవుతుంది. మున్సిపాలిటీ ఆస్తి పన్ను కేటగిరీ, కరెంటు మీటరు కేటగిరీ కూడా మారాల్సి వస్తాయి. అవి మారితే సంగతి కాగితం మీదికి ఎక్కుతుంది. కాబట్టి హాస్టల్‌కు ఇవ్వబోతూ కుటుంబానికి ఇస్తున్నట్టు చెప్పి తెచ్చుకున్న అనుమతి అక్కరకు రాదు.

అనుమతి అడగడం

బ్రాంచికి వెళ్లి నోటిమాటగా అడిగితే ఎక్కువచోట్ల వచ్చే జవాబు ‘‘ఏం పర్లేదండీ, ఇచ్చుకోండి’’ అనే. ఆ మాట చెప్పిన ఆఫీసరు మూడేళ్లకు బదిలీ అవుతాడు. ఒప్పందం అడిగింది లిఖితపూర్వక అనుమతి కాబట్టి ఆ నోటిమాటకు విలువ లేదు. ఉత్తరం రాసి, జవాబు రాలేదు గనుక ఒప్పుకున్నట్టే అనుకోవడమూ అంతే. మౌనం అంగీకారమని ఒప్పందంలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, అది అంగీకారం కాదు.

దరఖాస్తుకు ప్రత్యేక ఫారం ఉంటే అది, లేకపోతే తెల్లకాగితం మీద ఉత్తరం సరిపోతుంది. రుణ ఖాతా నంబరు, ఇంటి చిరునామా, ఎవరికి ఇవ్వబోతున్నారో, ఎప్పటినుంచి ఎంతకాలమో, అద్దె, డిపాజిట్ ఎంతో, నివాసానికేనా అన్నది రాసి, అద్దె ఒప్పందం ముసాయిదా జతచేయాలి. సహ రుణగ్రహీతలు, సహ యజమానులు అందరూ సంతకం చేయాలి. భార్యాభర్తలిద్దరి పేరున ఉన్న ఫ్లాటుకు ఒక్కరే సంతకం పెట్టిన దరఖాస్తు వెనక్కి వస్తుంది. బ్రాంచిలో ఇస్తే నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. రుణాలను కేంద్రీకృత కార్యాలయం చూసే బ్యాంకుల్లో నిర్ణయం బ్రాంచి చేతిలో ఉండదు. కాబట్టి ఇంటిని చూపించడం మొదలుపెట్టకముందే దరఖాస్తు పెట్టుకోవాలి. కిరాయిదారు అడ్వాన్సు ఇచ్చి సామాను సర్దుకున్నాక అడిగేది ‘ముందస్తు’ అనుమతి కాదు.

బ్యాంకు ఇచ్చే ఉత్తరంలో షరతులు ఉండవచ్చు. పదకొండు నెలలకు మించకూడదని, మరొకరికి తిరిగి అద్దెకివ్వకూడదని, అద్దె ఫలానా ఖాతాలోనే పడాలని, బ్యాంకు కోరినప్పుడు ఖాళీ చేస్తానని కిరాయిదారు రాసివ్వాలని అడగవచ్చు. ఈ చివరి షరతు మీద కాస్త ఆగాలి. అది ఉన్న అనుమతి యజమానిని ఒప్పందం ఉల్లంఘించాడన్న మాట నుంచి కాపాడుతుంది గానీ, కిరాయిదారుకు జప్తు నుంచి రక్షణ ఇవ్వదు. ఒకే ఉత్తరం ఒకరికి పూర్తిగా, మరొకరికి అరకొరగా పనికొస్తుందన్నమాట. యజమాని దాన్ని కిరాయిదారుకు చూపించి, ఆ షరతును అద్దె ఒప్పందంలో కూడా రాయడం నిజాయితీ. తరవాత తగాదా వస్తే యజమానికే మేలు చేస్తుంది కూడా.

అద్దె ఒప్పందంలో చూసుకోవలసినవి

అనుమతి వచ్చినా ఒప్పందం 65ఏ షరతులకు లోబడి ఉండేలా రాసుకోవడం మంచిది. మార్కెట్లో దొరికే పదకొండు నెలల నమూనాలు చాలావరకు సరిపోతాయి, రెండు మూడు చోట్ల తప్ప. కిరాయిదారు కోరితే మరో పదకొండు నెలలకు పొడిగించాలి అన్న వాక్యం వాటిలో తరచు కనిపిస్తుంది. తనఖాలో ఉన్న ఇంటికి అది పనికిరాదు, తీసేయాలి. గడువు తీరాక కొత్త ఒప్పందం రాసుకోవచ్చు, అందుకు బ్యాంకు అనుమతీ కొత్తగా తీసుకోవాలి. అద్దె కట్టకపోతే ఎన్నాళ్లలో ఇల్లు ఖాళీ చేయాలో చెప్పని ఒప్పందాలు కూడా ఉంటాయి. ఆ నిబంధన లేకపోతే షరతు తీరనట్టే. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాలి. రిజిస్టర్ కాని మూడేళ్ల లీజును ట్రైబ్యునల్ ముందు పెట్టి మూడేళ్ల హక్కు అడగడం కుదరదు.

అద్దె మొత్తం గురించి మొహమాటం పనికిరాదు. ఇరవై ఏడు వేలు పలికే ఫ్లాటును బావమరిదికి ఐదు వేలకు ఇచ్చానంటే, దొరికే మంచి అద్దె అన్న షరతు తప్పినట్టు. ఇల్లు జప్తుకు వచ్చినప్పుడు బంధువు పేరుమీద చవక అద్దె ఒప్పందం బయటికి వస్తే, అది జప్తును ఆపడానికి పుట్టించిన కాగితమేనని బ్యాంకు వాదిస్తుంది. అలా పుట్టించినవీ లేకపోలేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఏకమొత్తం లీజు. బెంగళూరులో తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలుసు. పది పదిహేను లక్షలు యజమాని చేతిలో పెట్టి, రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఉండి, వెళ్లేటప్పుడు ఆ డబ్బు తిరిగి తీసుకుంటారు. దీన్ని కొన్నిచోట్ల భోగ్యం అంటారు. అప్పుల్లో ఉన్న యజమానికి ఒక్కసారిగా డబ్బు దొరుకుతుంది గనుక, ఈఎంఐలు కట్టలేనివాళ్లే ఈ పద్ధతికి ఎక్కువ మొగ్గు చూపుతారు. తనఖా చట్టం కంటితో చూస్తే ఇందులో అన్నీ తప్పులే. నెలనెలా అద్దె లేదు, ముందు పెద్ద మొత్తం పుచ్చుకున్నారు. అనుమతి నిబంధన లేని పాత తనఖాలో కూడా ఇలాంటి లీజుకు బ్యాంకు కట్టుబడాల్సిన పనిలేదు. ఇల్లు వేలానికి వెళితే కిరాయిదారు తన లక్షలను బ్యాంకు నుంచి అడగలేడు, ఆ డబ్బు బ్యాంకుకు చేరలేదు. యజమాని మీద దావా వేయాలి. అప్పటికి యజమాని దగ్గర తిరిగి ఇవ్వడానికి ఏముంటుంది? రెండు మూడు నెలల అద్దెకు సమానమైన, తిరిగి ఇచ్చే డిపాజిట్ వేరు. హైదరాబాదులో మామూలుగా తీసుకునేది అదే, దానివల్ల పెద్ద చిక్కు రాదు.

నిజాంపేట ఫ్లాటు: ఒక ఉదాహరణ

హైదరాబాదు నిజాంపేటలో ఒక ఉద్యోగి 2023లో యాభై లక్షల రుణంతో ఫ్లాటు కొన్నాడనుకుందాం. గడువు ఇరవై ఏళ్లు. వడ్డీ ఎనిమిదిన్నర శాతం దగ్గరే ఉండిపోయిందనుకుంటే ఈఎంఐ 43,391 రూపాయలు. మూడేళ్లకు పుణెకు బదిలీ అయింది. ఫ్లాటుకు నెలకు 27,000 అద్దె వస్తుంది. ఈఎంఐకి ఇంకా పదహారు వేల చిల్లర జేబులోంచి వేసుకోవాలి, పుణెలో తన అద్దె తాను కట్టుకోవాలి. ఈ లెక్క ముందే వేసుకోవడం అవసరం. అద్దెతో ఈఎంఐ నడిచిపోతుందనుకుని మొదలుపెట్టిన చోటే వాయిదాలు తప్పుతాయి. రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంటే, లోటు మొత్తం జీతం మీద పడుతుంది.

రుణ ఒప్పందంలో ముందస్తు అనుమతి నిబంధన ఉంది. యజమాని అడగకుండా ఒక కుటుంబానికి పదకొండు నెలలకు ఇచ్చాడు. మొదటి ఏడాది ఏమీ కాలేదు. సాధారణంగా ఏమీ కాదు. ఈఎంఐ తేదీకి పడుతున్నంతకాలం ఫ్లాటులో ఎవరు ఉంటున్నారో చూడటానికి బ్యాంకు మనిషి రావడం అరుదు. నిబంధన మీరినందుకు మొత్తం రుణం ఒక్కసారిగా కట్టమనే హక్కు కాగితం మీద ఉన్నా, సక్రమంగా నడుస్తున్న ఖాతా మీద దాన్ని వాడటం బ్యాంకుకు లాభం కాదు. అనుమతి ఒక లాంఛనం మాత్రమే అన్న అభిప్రాయం ఇక్కడినుంచే పుట్టింది.

తరవాత పుణెలో ఉద్యోగం పోయింది. ఈఎంఐ ఆగిపోయింది. బాకీ తొంభై రోజులు దాటగానే ఖాతా నిరర్థక ఆస్తి, అంటే ఎన్‌పీఏ అయింది. 2002 నాటి సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(2) కింద బ్యాంకు నోటీసు పంపింది, అరవై రోజుల్లో మొత్తం బాకీ కట్టమని. ఈ నోటీసు అందిన క్షణం నుంచి పరిస్థితి మారిపోతుంది. బ్యాంకు లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆ ఆస్తిని అమ్మడం, లీజుకివ్వడం అదే చట్టంలో 13(13) నిషేధిస్తుంది. మామూలు వ్యాపార క్రమంలో జరిగేవాటికి మాత్రం మినహాయింపు ఉంది. నోటీసు వచ్చాక పాత కిరాయిదారు వెళ్లిపోతే, కొత్తవారిని చేర్చుకునేటప్పుడు ఇక ‘అడగకపోయినా ఏమీ కాదు’ అనుకోవడం కుదరదు. చట్టాన్ని మీరితే ఏడాది దాకా జైలు, జరిమానా పడే అవకాశం కూడా ఉంది.

అరవై రోజులు గడిచాయి. బ్యాంకు స్వాధీన నోటీసు ఫ్లాటు తలుపుకు అంటించింది, రెండు పత్రికల్లో ప్రకటన వేసింది, అందులో ఒకటి తెలుగు పత్రిక. కిరాయిదారుకు తనఖా సంగతి తెలిసేది చాలాసార్లు అప్పుడే. భౌతికంగా స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకు సెక్షన్ 14 కింద మేజిస్ట్రేటు సహాయం అడుగుతుంది. ఆ కుటుంబం దగ్గర ఒప్పందం ఉంది, అద్దె చెల్లించిన రసీదులు ఉన్నాయి. వాళ్ల తప్పేమీ లేదు. అయినా బ్యాంకు మీద చెల్లే హక్కు వాళ్లకు ఉందా?

ఇలాంటి ప్రశ్న 2014లో హర్షద్ గోవర్ధన్ సోండాగర్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. తనఖాకు ముందే ఉన్న చెల్లుబాటయ్యే లీజును సర్ఫేసీ చర్య రద్దు చేయదని, తనఖా తరవాత ఇచ్చిన లీజు 65ఏకు లోబడి ఉంటేనే నిలుస్తుందని కోర్టు చెప్పింది. అప్పటి చట్టంలో కిరాయిదారుకు స్వాధీనం తిరిగి ఇప్పించే అధికారం రుణ వసూలు ట్రైబ్యునల్‌కు లేదని కూడా చెప్పింది. ఆ లోటు పూడ్చడానికి 2016లో సర్ఫేసీ చట్టానికి 17(4ఏ) చేర్చారు. ఇప్పుడు కిరాయిదారు హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఉన్న ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. ట్రైబ్యునల్ నాలుగు సంగతులు చూస్తుంది. లీజు గడువు తీరిపోయిందా, అది 65ఏకు విరుద్ధమా, తనఖా షరతులకు విరుద్ధమా, 13(2) నోటీసు తరవాత పుట్టిందా. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా కిరాయిదారు వాదన నిలవడం కష్టం.

నిజాంపేట కుటుంబం మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. అద్దె సరైనదే, గడువు పదకొండు నెలలే, నోటీసుకు ముందే చేరారు. కానీ తనఖా షరతు అనుమతి అడిగింది, అది లేదు. ఒప్పందం యజమానికీ కిరాయిదారుకీ మధ్య చెల్లుతుంది, అద్దె ఎగ్గొట్టడానికి అది సాకు కాదు. బ్యాంకును మాత్రం కట్టిపడేయదు. కుటుంబం మధ్యలో ఖాళీ చేసి, డిపాజిట్ కోసం, సామాను తరలింపు ఖర్చు కోసం యజమాని వెంటపడాలి. ఉద్యోగం పోయిన యజమాని మీద బ్యాంకు బాకీతో పాటు ఇదొకటి అదనంగా పడుతుంది. అదే యజమాని ముందే షరతుల్లేని అనుమతి తెచ్చుకుని ఉంటే, కుటుంబం మిగిలిన గడువు ఉండేది. బ్యాంకు ఆ అద్దెను నేరుగా తనకే కట్టమని అడిగేది, అది బాకీలో కొంత తగ్గించేది.

పన్ను, బీమా, బ్యాంకు మార్పు

ఇల్లు సొంత నివాసం నుంచి అద్దె ఇల్లుగా మారితే ఆదాయ పన్ను లెక్క మారుతుంది. పై ఉదాహరణలో ఏడాది అద్దె 3,24,000. అందులో ముప్ఫై శాతం, 97,200, మరమ్మతుల పేరిట తీసేస్తారు. కట్టిన ఆస్తి పన్నును పక్కన పెడితే 2,26,800 మిగులుతుంది. నాలుగో ఏడాది వడ్డీ సుమారు 3,92,000 కాబట్టి, ఇంటి ఆదాయం పద్దు కింద 1,65,000 పైచిలుకు నష్టం. పాత పన్ను విధానంలో రెండు లక్షల వరకు ఇలాంటి నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వీలు లేదు, వడ్డీ అద్దె ఆదాయాన్ని సున్నా చేయడం వరకే పనికొస్తుంది. ఏ విధానం ఎంచుకున్నా రిటర్నులో అద్దె చూపించక తప్పదు. అద్దెకిచ్చి కూడా సొంత నివాసమని చూపించినవారికి, కిరాయిదారు హెచ్‌ఆర్‌ఏ కోసం తన ఆఫీసులో ఇచ్చిన రసీదుల మీద ఉన్న పాన్ నంబరే సాక్ష్యమవుతుంది.

ఇంటి బీమా పాలసీ రుణంతో పాటే వచ్చి ఉంటుంది, దాని మీద బ్యాంకు పేరు కూడా ఉంటుంది. ఇంట్లో ఉండేది ఎవరో మారినప్పుడు బీమా కంపెనీకి రాసి తెలియజేయాలి. ఇక యజమాని సామాను లోపల వదిలేస్తే దానికి ఆ పాలసీ వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి.

వడ్డీ తక్కువని రుణాన్ని మరో బ్యాంకుకు మార్చుకునేటప్పుడు కొత్త చిక్కు వస్తుంది. పాత బ్యాంకు ఇచ్చిన అనుమతి పాత తనఖాతోనే పోతుంది. పైగా కొత్త తనఖా పుట్టే నాటికే కిరాయిదారు ఇంట్లో ఉంటాడు. తనఖాకు ముందునుంచీ ఉన్న లీజు తన మీద బరువవుతుందని కొత్త బ్యాంకుకు తెలుసు. అందుకే విలువ కట్టడానికి వచ్చిన మనిషి ఇంట్లో ఎవరుంటున్నారో రాసుకుంటాడు. అద్దె ఒప్పందం నకలు, కిరాయిదారు నుంచి హామీపత్రం అడగవచ్చు. ఆ సమయంలో ఇల్లు ఖాళీ అని దరఖాస్తులో రాయడం తప్పుడు సమాచారం కింద లెక్క. అద్దె విషయం చెప్పకపోవడం కంటే అది పెద్ద తప్పు.

విదేశాల్లో ఉన్న యజమానులు

డాలస్‌లోనో లండన్‌లోనో ఉంటూ హైదరాబాదులో, విజయవాడలో రుణంతో కొన్న ఫ్లాటును అద్దెకిచ్చే తెలుగువారు ఎందరో. ఇక్కడ పనంతా తండ్రో తమ్ముడో చూస్తుంటాడు. వారికి ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీలో ఇల్లు కొనడానికి, రిజిస్ట్రేషన్‌కు అధికారం ఉండి, అద్దెకివ్వడానికి, బ్యాంకుతో అనుమతి వ్యవహారం నడపడానికి లేకపోవచ్చు. అలాంటప్పుడు వారు సంతకం పెట్టిన అద్దె ఒప్పందమే ప్రశ్నార్థకం అవుతుంది. అద్దె ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడాలి, అక్కడినుంచి ఈఎంఐ కట్టుకోవచ్చు. యజమాని ప్రవాసి అయితే కిరాయిదారు అద్దెలోంచి ముప్ఫై శాతం పన్ను, దానిమీద సెస్సు కలిపి 31.2 శాతం పట్టి ప్రభుత్వానికి కట్టాలి, అద్దె ఎంత తక్కువైనా సరే. ఈ సంగతి ముందే చెప్పకపోతే కిరాయిదారుతో గొడవ వస్తుంది. చెప్పాక ఈఎంఐ లెక్క కూడా మళ్లీ వేయాలి. 27,000 అద్దెలో ఖాతాకు చేరేది 18,576 మాత్రమే. మిగతాది రిటర్ను దాఖలు చేశాక తిరిగి రావచ్చు గానీ, ఈఎంఐ తేదీ అందాకా ఆగదు.

కిరాయిదారు ఏం చూస్తాడు

తనఖా సంగతి దాచి అద్దెకివ్వడం ఇప్పుడు మునుపటంత సులువు కాదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే ఈసీలో రిజిస్టర్ అయిన మెమొరాండం కనబడుతుంది. 2011 నుంచి బ్యాంకులు తనఖాలను నమోదు చేస్తున్న సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా వెతకవచ్చు. పెద్ద డిపాజిట్ ఇవ్వబోయే కిరాయిదారు, ముఖ్యంగా తన ఉద్యోగికి ఇల్లు లీజుకు తీసుకునే కంపెనీ, ఈ రెండూ చూసి బ్యాంకు అనుమతి పత్రం అడుగుతారు. అనుమతి చేతిలో ఉన్న యజమానికి బేరంలో అది లాభమే.

అనుమతి గడువు, లీజు గడువు ఒకటే కాకపోవచ్చు. పదకొండు నెలలకు ఇచ్చిన అనుమతితో రెండో ఏడాదీ అదే కుటుంబాన్ని కొనసాగిస్తే, రెండో ఏడాదికి అనుమతి లేనట్టే. కొత్త ఒప్పందం, పెరిగిన అద్దె వివరాలతో మళ్లీ ఉత్తరం పెట్టాలి. కిరాయిదారు మారినా అంతే. ఈ బాధ్యత రుణం పూర్తిగా తీరి, తనఖా రద్దయ్యేదాకా ఉంటుంది. రుణం తీరాక ముప్ఫై రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, బ్యాంకు తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు 2023లో ఆదేశించింది. దస్తావేజులు చేతికి రావడంతో పాటు, రిజిస్టర్ చేసిన మెమొరాండానికి రద్దు పత్రం కూడా రిజిస్టర్ చేయించి, అది ఈసీలో కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. ఆ తరవాత రాసే లీజుకు బ్యాంకును అడగాల్సిన పని ఉండదు.